వలస కూలీ మొదటి జీతంతో సేఫ్టీ బూట్లు కొనే కథ: ఈ సీన్ నమ్మేలా ఉందా?

నీలిసిరా
చిన్న కథ ఒకటి రాస్తున్నాను. ఎల్లయ్య అనే కుర్రాడు వలస వచ్చి బిల్డింగ్ సైట్‌లో సెంట్రింగ్ విప్పే గ్యాంగులో హెల్పరుగా చేరతాడు. స్లాబ్ గట్టిపడ్డాక కింద ఉన్న పలకలు దించడం, వాటిలో మేకులు పీకడం, దొంతర పెట్టడం అతని పని. వచ్చింది రబ్బరు చెప్పులతో. మొదటి జీతం చేతికందిన సాయంత్రం సరైన సేఫ్టీ బూట్లు కొనుక్కుంటాడు. కథ మొత్తం ఆ ఒక్క సాయంత్రమే. కొనే సీన్ ఇది:

"ఎల్లయ్య నల్ల బూటు చేతిలోకి తీసుకున్నాడు. ముందు భాగాన్ని వేలి కణుపుతో తట్టాడు. ఠంగుమంది. 'లోపల ఇనుము తమ్ముడూ, బండ పడ్డా ఏం కాదు' అన్నాడు దుకాణం అతను. ఎల్లయ్య ఇంక వేరే జత చూడలేదు. కాలు పెట్టుకుంటే కొంచెం బిగుతుగా ఉంది. 'వాడగా వాడగా సాగుతుందిలే' అన్నాడతను. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, పాత చెప్పులు చేత్తో పట్టుకుని కొత్త బూట్లతోనే బయటికొచ్చాడు."

చదివిన స్నేహితుడు ఒకాయన "సైట్‌లో పనిచేసినవాడు ఎవడూ ఇలా కొనడు" అన్నాడు. ఎందుకో చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. ఇక్కడ ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, ఎక్కడ తేడా కొడుతోంది?

పద్మ_వి
నాకైతే బావుంది. పాత చెప్పులు పారెయ్యకుండా చేత్తో పట్టుకోవడం బాగా నచ్చింది. అవి ఎలాగూ రూములో కావాలి కదా.

సేఫ్టీ_సూరి
మీ స్నేహితుడు ఎక్కడ ఆగిపోయాడో నాకు అర్థమైంది. నేను సైట్‌లో సేఫ్టీ చూస్తాను, చాలా ఏళ్ల నుంచి ఇదే పని.

మీ ఎల్లయ్యకి పైనుంచి పడే బండ కన్నా పెద్ద భయం కింద ఉంది. సెంట్రింగ్ విప్పే చోట నేల మీద పడున్న ప్రతి పలకలో మేకులు మొన పైకి పెట్టుకుని ఉంటాయి. మనిషి జాకీ పట్టుకుని, తల పైకెత్తి, స్లాబ్ వంక చూస్తూ అడుగు వేస్తాడు. కింద చూడడు, చూసే వీలు లేదు. ఆ గ్యాంగులో మొదటి నెల దాటిన ఏ కుర్రాడిని అడిగినా అరికాలు చూపిస్తాడు, బొటనవేలు కాదు. అలాంటివాడు బూటు చేతికి తీసుకుని ముందు భాగం తట్టి సంతోషపడిపోతే నమ్మబుద్ధి కాదు. తట్టాలి, కానీ వెంటనే తిరగేసి సోలు చూడాలి. అరికాలి కింద ప్లేటు ఉందా లేదా అని అడగాలి.

బూటు లోపల, సోలుకీ కాలుకీ మధ్య మేకు దిగకుండా ఒక పొర ఉంటుంది. కొన్ని రకాల బూట్లలోనే ఉంటుంది, అన్నింట్లో ఉండదు. ఐఎస్‌ఓ 20345 అని బూట్ల ప్రమాణం ఒకటుంది, దాని ప్రకారం తయారైన బూటు నాలుక మీదో లోపలి అంచు మీదో ముద్ర ఉంటుంది. ఎస్1 అని మాత్రమే ఉంటే వేళ్ల దగ్గర టోపీ ఉంటుంది, అరికాలికి ఏమీ ఉండదు. ఎస్1పి అంటే అరికాలికి పొర కూడా ఉన్నట్టు. ఎస్3 అంటే ఆ పొరతో పాటు పై తోలు తొందరగా నీళ్లు పీల్చదు, సోలుకి లోతైన గాడులు కూడా ఉంటాయి. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, మూడూ తడితే ఒకే చప్పుడు చేస్తాయి. అసలు సమస్య అదే.

ఇంకో చిన్న విషయం. ఠంగుమనదు. ఉక్కు టోపీ మీద తోలు, కింద అస్తరు ఉంటాయి కదా, టక్కుమని మొద్దు చప్పుడు వస్తుంది.

బుల్లెట్_భాస్కర్
అసలు ఇనప టోపీ ఉన్న బూట్లే వద్దండీ. బరువైంది పడితే ఆ ఇనుము లోపలికి వంగి వేళ్లు కత్తిరించేస్తుంది. మా కంపెనీలో అందరూ చెప్పేవారు. ప్లాస్టిక్ టోపీ ఉండే బూట్లు వచ్చాయి, తేలిక కూడా. ఎల్లయ్యకి అవి కొనిపించండి.

సేఫ్టీ_సూరి
భాస్కర్ గారూ, ఈ మాట ప్రతి సైట్‌లోనూ వింటాను. పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను, మీరే చూడండి. 20 కిలోల బరువును దాదాపు మీటరు ఎత్తు నుంచి టోపీ మీద వదులుతారు, అది 200 జౌళ్ల దెబ్బ. అలా పడ్డాక కూడా లోపల వేళ్లకి చోటు మిగలాలి, 42 సైజు బూటుకైతే కనీసం 14 మిల్లీమీటర్లు. విడిగా టన్నున్నర బరువుతో నొక్కి కూడా చూస్తారు. అంతకు మించిన బరువు పడితే టోపీ అణిగిపోతుంది, నిజమే. కానీ ఆ బరువు మామూలు చెప్పు మీద పడి ఉంటే వేళ్ల సంగతి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. టోపీ వల్ల కాలు పోదు, బరువు వల్ల పోతుంది.

తేలిక అన్నది మాత్రం మీరు సరిగ్గా చెప్పారు. ప్లాస్టిక్, ఫైబర్ టోపీలు తేలిక, ఎండకీ చలికీ ఉక్కులా కాలిపోవడం, చల్లబడిపోవడం ఉండదు. పాసవ్వాల్సింది అదే 200 జౌళ్ల పరీక్ష. కాకపోతే ఆ బలం రావాలంటే గోడ మందంగా ఉండాలి, అందుకే బూటు ముందు భాగం కాస్త బొద్దుగా కనిపిస్తుంది.

బుల్లెట్_భాస్కర్
సరేనండీ. నేను ఒకాయన వేలు పోయిన కేసు స్వయంగా చూశాను, అందుకే ఆ మాటన్నా. ఆ బూటుకి మీరు చెప్పిన ముద్ర ఉందో లేదో మాత్రం అప్పుడు ఎవరూ చూడలేదు.

గంగాధర్_77
మా నాన్నగారికి షుగర్ ఉంది, పాదాలు వెడల్పు, ఏ కంపెనీ బూట్లు మంచివో ఎవరైనా చెప్పగలరా? రోజూ వాకింగ్‌కి వెళ్తారు.

పద్మ_వి
గంగాధర్ గారూ, ఇది కథ గురించిన చర్చండీ. అయినా షుగర్ ఉన్నవాళ్లకి సేఫ్టీ బూట్లు మాత్రం కొనకండి. లోపల గట్టి టోపీ రాసుకుపోయినా వాళ్లకి నొప్పి తెలియకపోవచ్చు, పుండు పడ్డాకే తెలుస్తుంది. డాక్టరుకి పాదాలు చూపించి అడగండి.

పాత_గ్యాంగు
నేను ఆ ఎల్లయ్యనే అనుకోండి. ఊరు వదిలి వెళ్లి చాలాకాలం సెంట్రింగ్ గ్యాంగులో చేశాను, ఇప్పుడు చిన్న మేస్త్రీని. సూరి గారు చెప్పిన మేకుల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయితే మీ కథలో నాకు అడ్డం పడింది వేరే.

"మొదటి జీతం చేతికి అందింది" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అలా అందదండీ. బయలుదేరేటప్పుడు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అందులోంచే పోతుంది. రైలు చార్జీ పోతుంది, వంట ఖర్చులో మన వాటా పోతుంది. కొన్నిచోట్ల మధ్యలో వెళ్లిపోకుండా మొదట్లో కొన్ని రోజుల కూలి ఆపి ఉంచుతారు. మిగిలిన దాంట్లో ఇంటికి పంపాలి, వాళ్లు ఆ తేదీ కోసం ఎదురుచూస్తుంటారు. అంటే బూట్లు జీతంలోంచి కొనడం కాదు, ఇంటికి పంపాల్సిన దాంట్లోంచి కొనడం. కథ అక్కడుంది. నేను కొన్న రోజున మా అమ్మకి ఫోన్ చేసి ఈ నెల తక్కువ పంపుతున్నా అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, చెప్పుకునేవాణ్ని.

రెండోది ఆ బిగుతు సంగతి. తోలు సాగుతుంది, లోపలి టోపీ సాగదు. వేలికి ఆనుకుంటే ఆనుకున్నట్టే, బూటు చిరిగిపోయేదాకా ఆనుతూనే ఉంటుంది. దుకాణంలో నిలబడి చూస్తే తెలియదు కూడా. మా పని సగం గొంతుకూర్చుని చేసేది. గొంతుకూర్చోగానే పాదం ముందుకి జారుతుంది, బూటు మడత పడి టోపీ వెనక అంచు వేళ్ల మొదట్లో పైనుంచి నొక్కుతుంది. సాయంత్రానికి అక్కడ తోలు లేచిపోతుంది. తర్వాత ఏమవుతుందో తెలుసా, మనిషి బూట్లు విప్పేసి మళ్లీ చెప్పులేసుకుంటాడు. బూట్లు గోడ మీద మేకుకి వేలాడతాయి. మా షెడ్డులో అలా వేలాడిన జతలు చాలా చూశాను, అన్నీ డబ్బు పెట్టి కొన్నవే.

నీలిసిరా
పాత_గ్యాంగు గారూ, ఫోన్ సంగతి చెప్పినందుకు మీకు చాలా రుణపడ్డాను. మరి దుకాణంలో ఎల్లయ్య ఏం చెయ్యాలి? గొంతుకూర్చుని చూడాలా?

పాత_గ్యాంగు
కచ్చితంగా. దుకాణం మధ్యలోనే కూర్చోవాలి. సిగ్గుపడితే కుదరదు. రెండు కాళ్లకీ వేసుకుని, తాడు పూర్తిగా బిగించి, గొంతుకూర్చుని కాసేపు అలాగే ఉండాలి. మెట్టు ఉంటే దిగి చూడాలి, దిగేటప్పుడు బొటనవేలు ముందు గోడకి తగిలిందంటే ఆ సైజు పనికిరాదు.

బూట్లకొట్టు_రాజు
మా కొట్లో ఇలాంటి బూట్లు అమ్ముతాం కాబట్టి చెబుతున్నా. దుకాణం వాళ్లంతా "సాగుతుందిలే" అనే రకం కాదండీ, అది మాత్రం కథలో కాస్త మార్చండి 🙂

సాయంత్రం కొంటాడని రాశారు, అది మంచిదైంది. రోజంతా నిలబడ్డాక పాదం ఉబ్బుతుంది, ఆ కొలతకి సరిపోయిన బూటే పనిలో సరిపోతుంది. పొద్దున్నే కొన్నవాళ్లు మర్నాడు మార్చమని వస్తారు. అలాగే చెప్పులతో వచ్చినవాడికి సాక్సులు ఉండవు. ఉత్త కాలితో కొలత చూస్తే తర్వాత మందపాటి సాక్సులతో పట్టదు. మేం కొట్లో ఒక జత సాక్సులు అందుకే పెడతాం. మడమ వెనక కదలకూడదు, వేళ్లు మాత్రం లోపల ఆడించగలగాలి. రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్ద పాదానికి చూడాలి.

ఇంకోటి చెప్పాలి, ఇది కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. సోలు పియు రకం అయితే, అంటే మెత్తగా తేలిగ్గా ఉండేది, అది వాడకుండా పెట్టెలో పెట్టినా పాడవుతుంది. తేమ, వేడి కలిసి దాన్ని లోపల్నుంచి విరగ్గొడతాయి. పైకి కొత్తగా మెరుస్తూ ఉంటుంది, వేసుకుని తిరిగాక ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. అందుకే ముద్రలో తయారైన నెల, సంవత్సరం వేస్తారు. సైజు కోసం చూసినట్టే దాని కోసం కూడా చూడాలి. ఏళ్ల తరబడి మూల పడున్న సరుకు తక్కువ ధరకి ఇస్తున్నారంటే కారణం అదే అయ్యుండొచ్చు. బూటు చేత్తో పట్టుకుని వేళ్ల దగ్గర మడిచి, సోలు పక్క గోడ మీద సన్నటి గీతల్లాంటి పగుళ్లు వస్తున్నాయేమో చూడండి. వస్తే వదిలెయ్యండి.

కరుణ_ఎస్
అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఆ బూట్లు ఎల్లయ్య ఎందుకు కొనాలి? కొనివ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందంలో 21వ అధికరణమే చెబుతుంది, భద్రతా ఏర్పాట్ల వల్ల కార్మికుడికి ఏ ఖర్చూ పడకూడదని. ప్రత్యేకంగా నిర్మాణ పనుల కోసమే 1988లో 167వ ఒప్పందం వచ్చింది, అందులోనూ రక్షణ సామగ్రి యజమాని ఉచితంగా ఇవ్వాలనే ఉంది. మొదటి జీతంతో కుర్రాడు తనే కొనుక్కోవడాన్ని ముచ్చటగా చూపిస్తే, ఇవ్వాల్సినవాడు తప్పించుకున్న సంగతి మరుగున పడిపోతుంది. నేను కార్మికుల కేసులు చూస్తాను, ఈ ముచ్చట నాకు కోపం తెప్పిస్తుంది.

పాత_గ్యాంగు
కరుణ గారూ, మీరన్నది న్యాయం. కానీ కొత్తగా చేరినవాడు ఎవరిని అడుగుతాడు? అతనికి కంపెనీ పేరు కూడా సరిగ్గా తెలియదు, తెలిసింది మేస్త్రీ ఒక్కడే. మేస్త్రీ సబ్ కాంట్రాక్టరుని చూపిస్తాడు, అతను పెద్ద కాంట్రాక్టరుని చూపిస్తాడు. "వచ్చే నెల వస్తాయి" అంటారు. గట్టిగా అడిగినవాడిని మరుసటి పనికి పిలవరు. ఈలోగా మేకు ఆగదు కదండీ.

కరుణ_ఎస్
ఆగదు, ఒప్పుకుంటాను. ఒప్పందాలు కూడా ఆమోదించిన దేశాలనే కట్టిపడేస్తాయి, ఆమోదించిన చోట కూడా సైట్ దాకా దిగిరావడం కష్టమే. నేను కథని ఆపమనడం లేదు. ఎల్లయ్య కొననివ్వండి, కానీ అడిగి, లేదనిపించుకుని, అప్పుడు కొననివ్వండి. ఒక్క వాక్యం చాలు. బిల్లు కూడా తీసుకుని దాచుకోమనండి. బూట్ల డబ్బు అంటూ జీతంలో కోత పడ్డ కేసులు నా దగ్గరికి వచ్చాయి, బూట్లు ఇవ్వకుండానే కోసినవి కూడా. కాగితం ఉంటే మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

బుల్లెట్_భాస్కర్
బిల్లు చూపిస్తే డబ్బు తిరిగి ఇస్తారా?

కరుణ_ఎస్
కొందరు ఇచ్చారు, చాలామంది ఇవ్వలేదు.

పాత_గ్యాంగు
నా అనుభవంలో ఒక్కరూ ఇవ్వలేదు. బిల్లు అడిగితే దుకాణం అతను ధర పెంచడం మాత్రం చూశాను.

శిరీష_కె
సూరి గారూ, మేకు దిగని పొర అన్నారు కదా, అది ఉక్కు రేకా, గుడ్డా? మా తమ్ముడు ఎలక్ట్రికల్ పనికి వెళ్తాడు, వాడి బూట్లో గుడ్డ లాంటిది ఉంది. అది నిజంగా ఆపుతుందా?

సేఫ్టీ_సూరి
రెండు రకాలూ ఉన్నాయి శిరీష గారూ, దేని లోపం దానికి ఉంది. ఉక్కు రేకు సన్నటి మేకుని కూడా బాగా ఆపుతుంది, కానీ కుట్టుకి చోటు వదలాలి కాబట్టి అంచుల దాకా రాదు, పైగా బిరుసు. పాత_గ్యాంగు గారు చెప్పినట్టు గొంతుకూర్చునే పనికి అది ఇబ్బంది పెడుతుంది. ఒత్తుగా నేసిన గట్టి దారాల పొర అయితే పాదం మొత్తానికి వస్తుంది, మెత్తగా వంగుతుంది, కానీ మేకు ఎంత సన్నబడితే అంత తేలిగ్గా దారాల మధ్యకి దూరగలదు.

పరీక్షలో లావు మేకుని 1100 న్యూటన్ల బలంతో నొక్కుతారు, అంటే సుమారు 110 కిలోల బరువు మోపినట్టు. ఆ మేకు మందం నాలుగున్నర మిల్లీమీటర్లు. సెంట్రింగ్‌లో కొట్టేవి అంతకన్నా సన్నవి. ఈ తేడా వల్లే ప్రమాణాన్ని 2022లో సవరించినప్పుడు ముద్రలు విడగొట్టారు. ఉక్కు రేకుకి పి, గుడ్డ పొరని లావు మేకుతో పరీక్షిస్తే పిఎల్, 3 మిల్లీమీటర్ల సన్న మేకుతో పరీక్షిస్తే పిఎస్. కాబట్టి ఎల్లయ్యకి గుడ్డ పొర బూటు దొరికితే పిఎస్ ఉందేమో చూడాలి. అయినా సరే, పలక పైనుంచి మేకు మీదకి దూకితే ఏ పొరా హామీ ఇవ్వదు, శరీరం బరువుకి దూకుడు తోడవుతుంది. పొర మేకు పీకే పనిని తగ్గించదు. పలక దించిన వెంటనే మేకులు పీకడమో, మొన వంచి కొట్టెయ్యడమో చెయ్యాలి, బూటు దాని తర్వాతే.

శిరీష_కె
వాడి బూటు చూశాను, ముద్ర చెమటకి చెరిగిపోయింది. ఎస్ ఒక్కటే కనిపిస్తోంది.

సేఫ్టీ_సూరి
అలాంటప్పుడు ఉందని అనుకోకండి, లేదనుకునే జాగ్రత్తపడమనండి. ఎలక్ట్రికల్ పని అంటున్నారు కాబట్టి కరెంటు విషయంలో బూటు మీద ఏం ఆధారపడాలో అక్కడి ఇంజినీరుని అడగాలి. ఎస్1, ఎస్3 బూట్లు స్టాటిక్ కరెంటుని నేలకి వదిలే రకం, కరెంటు షాకుని ఆపేవి కావు. ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు.

రమణి_టి
ఎల్లయ్య బదులు ఎల్లమ్మ అయితే ఏమయ్యేదో కూడా ఎవరైనా రాయండి. మా అక్క ఇటుకలు, ఇసుక మోసే పనిలో ఉండేది. చిన్న సైజు అడిగితే లేవంటారు, లేదా మగవాళ్ల అచ్చులోనే పొడవు తగ్గించినది ఇస్తారు, మడమ దగ్గర వదులుగా ఊగుతుంది. లోపల రెండు సాక్సులు వేసుకుని సరిపెట్టుకునేది. తల మీద బరువుతో నిచ్చెన ఎక్కేటప్పుడు మడమ ఊగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరికి మానేసింది, బూట్లని. పనిని కాదు.

బూట్లకొట్టు_రాజు
నిజమేనమ్మా. చిన్న సైజులు మేం తెప్పించేదే తక్కువ, అడిగేవాళ్లు తక్కువని. అడిగినా లేవని అడగడం మానేశారేమో తెలీదు.

నీలిసిరా
మీరందరూ చెప్పింది పెట్టుకుని సీన్ మళ్లీ రాశాను. చూడండి:

"'కంపెనీ ఇస్తుందన్నారు కదా మేస్త్రీ?' అని పొద్దున అడిగాడు. 'వచ్చే నెల' అన్నాడు మేస్త్రీ, పోయిన నెల అన్నట్టే.

అడ్వాన్సు పోగా మిగిలింది రెండు భాగాలు చేసి, పెద్ద భాగం లోపలి జేబులో పెట్టుకున్నాడు. అది ఇంటిది. దుకాణంలో బూటు తీసుకుని ముందు భాగం తట్టాడు. టక్కుమంది. తిరగేశాడు. 'మేకు దిగుతుందా?' అన్నాడు. దుకాణం అతను ఆ బూటు వెనక్కి తీసుకుని వేరేది తెచ్చాడు. 'ఇది దిగదు. దానికన్నా ఎక్కువ అవుతుంది.' నాలుక పైకి లాగి ఎస్3 అన్న ముద్ర చూపించాడు.

సాక్సులు అరువిచ్చాడు. ఎల్లయ్య రెండు కాళ్లకీ తొడిగి, తాళ్లు లాగి కట్టి, దుకాణం మధ్యలో గొంతుకూర్చున్నాడు. లోపలికొస్తున్న ఒకాయన పక్కకి తప్పుకున్నాడు. ఎడమ కాలి చిటికెన వేలి మీద ఏదో నొక్కింది. 'దీని పై సైజు' అన్నాడు లేవకుండానే.

లోపలి జేబులోంచి కొంత తీయాల్సి వచ్చింది."

పద్మ_వి
"లేవకుండానే" అన్నది చాలా బాగుంది.

పాత_గ్యాంగు
ఇప్పుడు వీడు మా వాడు. ఒక్క మాట, పై సైజు తీసుకుంటే మడమ వదులవుతుందేమో కూడా చూపించండి. పొడవు కాదు, వెడల్పు చాలనివాళ్లు సైజు పెంచుకుంటూ పోతారు, అది ఇంకో తప్పు. చిటికెన వేలు నొక్కిందంటే సాధారణంగా వెడల్పు సమస్య. ఇంకో అచ్చు బూటు అడగాలి.

బూట్లకొట్టు_రాజు
అవును, పాదాలు వెడల్పుగా ఉన్నవాళ్లకి వేరే అచ్చు ఇస్తాం. దుకాణం అతన్ని మంచివాణ్ని చేసినందుకు సంతోషం. తేదీ కూడా చూసుంటే ఇంకా బాగుండేది.

సేఫ్టీ_సూరి
బాగుంది. ఒక్కటే ఆలోచించండి. ఎస్3 తోలు బూటు స్లాబ్ విప్పే పనికి సరే. కాంక్రీటు పోసే రోజు ఇదే గ్యాంగుని సాయానికి పిలుస్తారు. అప్పుడు తడి సిమెంటు బూటు పై అంచు మీదుగా లోపలికి పోతుంది. సిమెంటు నీళ్లకి క్షారం ఎక్కువ, చర్మాన్ని కాలుస్తుంది, మంట వెంటనే తెలియదు. మనిషి సాయంత్రం దాకా అలాగే ఉంటాడు, బూటు విప్పాకే చూస్తాడు. ఆ పనికి మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి, వాటిలోనూ టోపీ, ప్లేటు ఉన్న రకాలున్నాయి, ఎస్5 అంటారు. ఒక్క జీతంతో రెండు జతలు ఎవరు కొంటారు? రబ్బరు బూట్లు కనీసం కంపెనీ ఇచ్చి తీరాలి.

కరుణ_ఎస్
కనీసం అవి అంటున్నారేంటి సూరి గారూ, రెండూ ఇచ్చి తీరాలి. మీరు సేఫ్టీ చూసేవారు, మీ నోటి నుంచి "కనీసం" వస్తే కాంట్రాక్టరు అక్కడే ఆగుతాడు.

సేఫ్టీ_సూరి
రెండూ ఇవ్వాలి, నా రాతలో అదే ఉంటుంది, మీటింగులో అడిగేది కూడా అదే. ముందు ఏది రాబట్టగలనో అని ఆలోచించే అలవాటు నాది. దాని మీద మీతో వాదన ఒప్పుకుంటాను.

శిరీష_కె
ఏదైనా బరువు పడి టోపీ ఆపిందనుకోండి. తర్వాత ఆ బూటు వాడొచ్చా? ఎల్లయ్యకి అలా జరిగితే మళ్లీ కొనలేడు కదా.

సేఫ్టీ_సూరి
వాడకూడదు. ఉక్కు ఒకసారి అణిగితే ఆ 14 మిల్లీమీటర్ల చోటు అప్పటికే కొంత ఖర్చయిపోయినట్టు. పైన తోలు చెక్కు చెదరకుండా ఉండొచ్చు. చెయ్యి లోపల పెట్టి పై గోడ తడిమి రెండో బూటుతో పోల్చి చూడాలి. ప్లాస్టిక్ టోపీ అయితే చేతికి కూడా తెలియకపోవచ్చు, లోపల పగిలి ఉండొచ్చు. దెబ్బ గట్టిగా తగిలిందని తెలిస్తే మార్చడమే.

పాత_గ్యాంగు
మార్చరండీ. వేలు కాపాడిన బూటుని ఎవరు పారేస్తారు, ఇంకా నమ్మకం పెరుగుతుంది దాని మీద. మా గ్యాంగులో ఊరెళ్లిపోయేవాడు తన బూట్లు కొత్తగా వచ్చినవాడికి అమ్మేసి వెళ్తాడు, సగం ధరకి. దాని మీద ఏం పడిందో కొన్నవాడికి తెలియదు. పైగా వేరేవాళ్ల పాదానికి అలవాటు పడ్డ మడతలు కొత్తవాణ్ని కొరుకుతాయి. ఇప్పుడు నేను మేస్త్రీని కాబట్టి అలా కొనొద్దని చెబుతా, కానీ కొననివ్వకపోతే చెప్పులతో వస్తాడు. ఈ రెండిట్లో ఏది మేలో సూరి గారే చెప్పాలి.

సేఫ్టీ_సూరి
ప్లేటు బాగుండి, దెబ్బ ఆనవాలు లేకపోతే చెప్పుల కన్నా మేలే. అలాగని కాగితం మీద రాయలేను, ఎందుకంటే దెబ్బ తగల్లేదని ఎవరూ రుజువు చెయ్యలేరు.

గంగాధర్_77
పద్మ గారూ, నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా, థాంక్స్. చర్చ మొత్తం చదివాను. మా ఇంటి పై అంతస్తు పని జరుగుతోంది, కుర్రాళ్లంతా చెప్పులతోనే ఉన్నారు. నేను ఇంటి ఓనరుని మాత్రమే, కాంట్రాక్టు ఇచ్చేశాను. బూట్లు నేను కొనివ్వాలా, కాంట్రాక్టరుని అడగాలా?

కరుణ_ఎస్
ముందు కాంట్రాక్టరుని అడగండి, అందరి ముందూ కాకుండా రాతపూర్వకంగా, తర్వాతి చెల్లింపు చేసే ముందు అడగండి. డబ్బిచ్చేవాడి మాటకి ఉన్న బలం కూలీ మాటకి ఉండదు. ఇవ్వకపోతే మీరు కొనివ్వండి, ఆ మొత్తం కాంట్రాక్టరు బిల్లులో తగ్గించుకోండి. కూలీల జీతంలోంచి మాత్రం కోయనివ్వకండి.

పాత_గ్యాంగు
కొనిస్తే అందరికీ ఒకే సైజు గంపగుత్తగా తేవొద్దు సార్. ఒక్కొక్కరి పాదం కొలిచి తేండి, లేదా వాళ్లనే సాయంత్రం కొట్టుకి తీసుకెళ్లండి. తడిసిన బూట్లు పొయ్యి దగ్గర ఆరబెట్టొద్దని కూడా చెప్పండి, తోలు బిరుసెక్కి సోలు ఊడొస్తుంది. పాత పేపరు కుక్కి నీడలో పెడితే పొద్దుటికి చాలావరకు ఆరిపోతాయి.